ప్యాకెట్లో చెమ్మ, చేప మీద ఎరుపు, ఉబ్బిన పచ్చడి: ఎక్కడ తప్పు జరిగింది?

పట్టిన చేపలో కొంత ఎండబెట్టి, కొంత పచ్చడి పెట్టి అమ్మేవారికి ఫిర్యాదు తయారుచేసిన రోజునే రాదు. రెండు మూడు వారాలు గడిచాక వస్తుంది, అప్పటికి ఆ విడత సరుకు చాలావరకు చేతులు మారిపోయి ఉంటుంది. అందుకే కనిపించిన లక్షణం దగ్గర మొదలుపెట్టి, తప్పు జరిగిన చోటిదాకా వెనక్కి వెళ్లాలి.

ఎండుచేపల ప్యాకెట్లో చెమ్మ, తర్వాత బూజు

ప్యాక్ చేసిన రోజున నెత్తళ్లు గలగలలాడాయి. పది రోజులకు కవరు లోపలివైపు నీటి చుక్కలు కనిపించాయి, మరికొన్నాళ్లకు పొట్ట దగ్గర తెల్లటి బూజు పట్టింది. ఇలాంటప్పుడు చాలామంది కవరును తప్పుపట్టి, ఇంకా మందమైనది కొంటారు. ఆ మందం లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు కాబట్టి నష్టం ఇంకా పెరుగుతుంది.

అసలు తప్పు మొదటి రోజు ఎండలో జరిగింది. పచ్చి చేపను నేరుగా మండే ఎండలో వేస్తే పైపొర త్వరగా గట్టిపడి పెంకులా మారుతుంది. లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. చేతికి ఎండినట్టే తగులుతుంది, విరిచి చూస్తే మాత్రం వెన్నుముల్లు పక్కన కండ మెత్తగా ఉంటుంది. ప్యాకెట్లో పెట్టాక ఆ నీరు నెమ్మదిగా పైకి వస్తుంది.

ఇక్కడ చేతి కంటే తూకాన్ని నమ్మాలి. ఉప్పు వేయని 10 కిలోల పచ్చి నెత్తళ్లలో సుమారు 7.5 కిలోలు నీరే. మిగిలిన 2.5 కిలోలు ఎండినా ఎక్కడికీ పోవు. ఎండిన తర్వాత తూకం 4 కిలోలు వచ్చిందంటే అందులో ఇంకా 1.5 కిలోల నీరు ఉంది, అంటే 37 శాతం పైనే. అది బూజుకు కావలసినంత తడి. తూకం 2.9 కిలోలకు దిగితే నీరు 14 శాతం దగ్గరికి వస్తుంది, 15 శాతం లోపు ఉంటే బూజు సాధారణంగా పెరగదు. ఉప్పు పట్టించిన చేపకు ఈ లెక్క ఇలాగే వర్తించదు, ఎందుకంటే లోపలికి వెళ్లిన ఉప్పు బరువు కూడా కలుస్తుంది.

మొదటి కొన్ని గంటలు గాలి ఆడే నీడలో, నేలకు ఎత్తుగా కట్టిన వల మీద పలుచగా పరచండి. ఆ తర్వాతే ఎండలోకి మార్చండి. రాత్రికి కుప్పగా చేసి కప్పి ఉంచితే లోపలి తడి పైకి చేరుతుంది, మర్నాటి ఎండకు అది పోతుంది. పూర్తిగా చల్లారాకే ప్యాక్ చేయండి, వేడి చేప నుంచి వచ్చే ఆవిరి కూడా చుక్కలుగా మారుతుంది. చెమ్మ మాత్రమే కనిపించిన ప్యాకెట్లను వెంటనే విప్పి మళ్లీ ఎండబెట్టవచ్చు. బూజు పట్టినవాటిని తుడిచి అమ్మకండి, పారేయాల్సిందే.

ఉప్పుచేప మీద ఎర్రటి జిగురు

ఇది రక్తం మరక కాదు, ఉప్పులోనే బతికే సూక్ష్మజీవుల పని. ఇవి ఎక్కువగా శుద్ధి చేయని సముద్రపు ఉప్పుతో వస్తాయి, వేడి, తేమ కలిస్తే పెరుగుతాయి. ఉప్పు ఇంకా ఎక్కువ వేయడం మందు కాదు, అది వాటికి మేత. ఒకసారి వాడిన ఉప్పును మళ్లీ వాడకండి, కొత్త ఉప్పును పెనం మీద బాగా వేయించి చల్లార్చి వాడండి. బల్లలను, తొట్లను మంచినీటితో కడగండి, ఉప్పులేని నీటిలో వీటిలో చాలా రకాలు పగిలి చచ్చిపోతాయి.

ఉబ్బిన పచ్చడి కవరు

ఈ పచ్చడిని రుచి కూడా చూడకండి. పైన తేలే నూనె చేపను కాపాడుతుందన్న నమ్మకమే ఇక్కడ ఎక్కువ నష్టం చేస్తుంది. నూనె గాలిని మాత్రమే అడ్డుకుంటుంది, గాలి లేనిచోట పెరిగి ప్రాణాంతక విషం తయారుచేసే బాక్టీరియాకు అది అనుకూలం. అది కవరు ఉబ్బకుండానే పెరగవచ్చు కాబట్టి, ఉబ్బనంత మాత్రాన సరుకు మంచిదని అనుకోకూడదు. దాన్ని ఆపేది పులుపు. వెనిగర్ వేసినా, ముక్క పెద్దదైతే పులుపు మధ్యకు చేరడానికి రోజులు పడుతుంది.

ముక్కలను ఒక సెంటీమీటరుకు మించకుండా కోసి, ఉప్పు పట్టించి, తడి పోయేదాకా వేయించండి. వెనిగర్ కలిపి రెండు మూడు రోజులు చల్లని చోట ఊరనివ్వండి. ఆ తర్వాత గ్రేవీని కాదు, కొన్ని ముక్కలను నూనె తుడిచి మెత్తగా నూరి, పులుపును అంకెలో చూపే పీహెచ్ మీటరుతో కొలవండి, పులుపు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. 4.6 దాటకూడదు, 4.2 దగ్గర ఉంటే నిశ్చింత. దాటితే వెనిగర్ పెంచి, మళ్లీ ఊరబెట్టి, కొలిచాకే నింపండి.

తిన్న గంటలోపు ముఖం ఎర్రబడింది, తలనొప్పి, దురద

కానాగంతలు, ట్యూనా వంటి చేపలతో ఈ ఫిర్యాదు వస్తే ముందుగా అనుమానించాల్సింది విషపదార్థమైన హిస్టమిన్‌ను. పడవలోనో ఒడ్డునో మంచు లేకుండా ఎండలో ఉన్న చేపలో అది పుడుతుంది. ఎండబెట్టినా, వేయించినా, వెనిగర్ పోసినా పోదు. మంచులో పెట్టిన చేపనే ఈ పనికి తీసుకోండి. సాయంత్రం దాకా అమ్ముడుపోక మిగిలింది కదా అని పచ్చడికి మళ్లించకండి.