మధ్యలో కంపెనీ పన్ను రేటు మారితే ప్రాజెక్టు క్యాష్ ఫ్లో ఎలా సరిచేయాలి?

కావాల్సింది ఎక్సెల్ షీటు, పాత ప్రాజెక్టు లెక్క, ఆడిటర్ గారి దగ్గర తీసుకున్న డిప్రిసియేషన్ పట్టిక. పేపరు మీద వేసేవాళ్ళూ ఉన్నారు, వేసి తప్పు చేసేవాళ్ళూ వాళ్ళే.

ఉదాహరణకు బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో పెద్ద టర్నోవర్ ఉన్న ఓ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనుకుందాం. 2018-19 మొదట్లో కోటి రూపాయల మెషిన్ కొంది. ఏటా పన్నుకు ముందు 40 లక్షలు మిగులుతుంది. అప్పటి రేటు 30 శాతం, దానిపై 7 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్, అంతా కలిపి 33.384. 2019 సెప్టెంబరు 20న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, కోరుకున్న కంపెనీలకు 22 శాతం రేటు ఇచ్చింది. 10 శాతం సర్‌చార్జి, సెస్‌తో అది 25.168 అవుతుంది. మన కంపెనీ అంతకుముందు కట్టిన కనీస ప్రత్యామ్నాయ పన్ను తాలూకు మ్యాట్ క్రెడిట్ వాడేసుకుని, మూడో ఏడాది నుంచి, అంటే 2020-21లో, కొత్త రేటుకు మారింది.

మొదట రేటుకు విడిగా ఒక వరుస పెట్టండి, ఏ ఏడాది రేటు ఆ ఏడాది గడిలో. ఒకే గడిలో రేటు పెట్టి అన్ని ఏళ్ళనూ దానికే ముడేసే షీట్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొదటి రెండేళ్ళ గళ్ళ జోలికి పోవద్దు, ఆ పన్ను కట్టేశారు. ఇక్కడ రేటు పూర్తి ఆర్థిక సంవత్సరానికి వర్తిస్తుంది. సెప్టెంబరులో ప్రకటించారు కదా అని 2019-20ని రెండు ముక్కలు చేసి సగానికి పాత రేటు, సగానికి కొత్త రేటు వేసినవాళ్ళున్నారు. అలా చేయకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. చాలామంది పాత లెక్కలో పన్ను పోగా మిగిలిన మొత్తాన్ని తీసుకుని, పాత రేటు ప్రకారం వెనక్కి పెంచి, కొత్త రేటు ప్రకారం మళ్ళీ కోస్తారు. మూడో ఏడాదికి పాత లెక్కలో 30.26 లక్షలు ఉంది. వాళ్ళ పద్ధతిలో అది 34.00 లక్షలు అవుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ తప్పు.

ఎందుకంటే ఆ 30.26లో రెండు రకాల డబ్బు ఉంది. ఒకటి వ్యాపారం తెచ్చింది, రేటు తగ్గితే పెరుగుతుంది. రెండోది డిప్రిసియేషన్ వల్ల మిగిలిన పన్ను, రేటు తగ్గితే అదీ తగ్గుతుంది! ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం చొప్పున వేస్తే మూడో ఏడాది డిప్రిసియేషన్ 10.84 లక్షలు. పాత రేటులో అది 3.62 లక్షల పన్ను మిగిల్చేది. కొత్త రేటులో 2.73 మాత్రమే. డిప్రిసియేషన్ మొత్తం మారదు, దాని విలువ మారుతుంది. ఈ సంగతి మర్చిపోవద్దని ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతారు.

సరైన లెక్క ఇది: 40లో 10.84 తీస్తే 29.16. దానిపై 25.168 శాతం పన్ను 7.34. నలభైలోంచి ఆ 7.34 తీస్తే 32.66 లక్షలు. తప్పు పద్ధతి ఒక్క ఏడాదిలోనే 1.34 లక్షలు ఎక్కువ చూపించింది.

షీటులో 5వ వరుస పన్నుకు ముందు నగదు, 6వది డిప్రిసియేషన్, 7వది రేటు అయితే:

```
=C5-(C5-C6)*C7
```

దీన్ని కుడివైపుకి లాగితే చాలు. రేటును ఫార్ములాలో అంకెగా టైప్ చేయకండి.

కొత్త రేటు ఎంచుకున్నాక అదనపు డిప్రిసియేషన్ ఉండదు, 2020-21లో మారినవాళ్ళకు మిగిలిపోయిన మ్యాట్ క్రెడిట్ పోయింది, మళ్ళీ వెనక్కి రాలేరు. పాత పట్టికలో అదనపు డిప్రిసియేషన్ ఉంటే 3వ ఏడాది నుంచి ముందే తీసేయండి. పలాస జీడిపప్పు మిల్లుల్లాంటి చోట భాగస్వామ్య సంస్థలున్నాయి. వాటికి ఈ 22 శాతం వర్తించదు, పాత 30 శాతమే. అయినా 25.168 వేసిన షీటు తెచ్చి నన్ను చూడమన్న పెద్దమనిషి ఒకరున్నారు.

డిస్కౌంట్ రేటూ కదులుతుంది, అందులో అప్పు ఖర్చును పన్ను పోగా లెక్కేస్తారు కాబట్టి. 10 శాతం వడ్డీ అప్పు పన్ను పోగా 6.66 శాతం పడేది, ఇప్పుడు 7.48 పడుతుంది. కాబట్టి మూడో ఏడాది నగదును మొదటి రెండేళ్ళకు ఒకటికి పాత డిస్కౌంట్ రేటు కలిపిన అంకెతో రెండుసార్లు, మూడో ఏడాదికి ఒకటికి కొత్త డిస్కౌంట్ రేటు కలిపిన అంకెతో ఒకసారి, వరుసగా భాగించాలి.

అయిపోయాక రేటు వరుసంతా 33.384 శాతం పెట్టి, డిస్కౌంట్ రేటు, పాత డిప్రిసియేషన్ పట్టిక కూడా వెనక్కి పెట్టి చూడండి. పాత జవాబు పైసాతో సహా రావాలి. రాకపోతే ఎక్కడో ఒక గడిలో రేటు అంకెగా కూర్చుని ఉంది, వెతకండి.