వానాకాలపు కడుపునొప్పుల్లో 24 గంటల నొప్పిని గుర్తుపట్టడం

వానలు మొదలై నీళ్లు కలుషితమైతే ఇంటింటా వాంతులు, విరేచనాలు కనిపిస్తాయి. అందువల్ల ఆ రోజుల్లో వచ్చే ప్రతి కడుపునొప్పినీ తిండి తేడా చేసిందని సరిపెట్టుకుంటాం. పెద్దపేగు మొదట్లో ఉండే అపెండిక్స్ అనే చిన్న గొట్టం వాచడం వల్ల వచ్చే, మన ఊళ్లలో 24 గంటల నొప్పి అని పిలిచే అపెండిసైటిస్ ఏ కాలంలోనైనా రావచ్చు గానీ, వానాకాలంలో దాన్ని పోల్చుకోవడం మరీ ఆలస్యమవుతుంది.

హాస్టల్లో ఉండే 19 ఏళ్ల కుర్రవాడికి రాత్రి 9 గంటలకు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైందనుకుందాం. ఎక్కడని అడిగితే అరచేతితో పొట్టంతా తడుముతాడు. అన్నం సయించదు. అర్ధరాత్రి దాటాక ఒకటి రెండు వాంతులవుతాయి. మర్నాటి ఉదయానికి నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగి స్థిరపడుతుంది, ఇప్పుడు ఒక్క వేలు పెట్టి చోటు చూపించగలడు. దగ్గినా, ఆటో గతుకులో పడినా అక్కడే పోటు పొడుస్తుంది కాబట్టి కదలకుండా పడుకుంటాడు. ఒళ్లు కొంచెం వెచ్చబడుతుంది. అపెండిక్స్ నరాలకు చోటు కచ్చితంగా తెలియజేసే శక్తి లేదు. వాపు పెరిగి, పొట్ట గోడ లోపలి పొరను తాకినప్పుడే నొప్పి ఒకచోట నిలుస్తుంది.

మామూలు అజీర్తిలోనో, కలుషితాహారం వల్లనో అయితే సాధారణంగా వాంతులు, విరేచనాలు ముందు వస్తాయి లేదా నొప్పితో కలిసి వస్తాయి. నొప్పి అలలుగా వచ్చిపోతుంది, విరేచనమయ్యాక కాస్త తెరిపినిస్తుంది. అపెండిసైటిస్‌లో ఎక్కువగా నొప్పే ముందు, వాంతి తర్వాత. అయితే చిన్నపిల్లల్లో, వృద్ధుల్లో, గర్భిణుల్లో ఈ వరస తప్పవచ్చు. అపెండిక్స్ కటి భాగంలోకి వేలాడే కొందరికి విరేచనాలు కూడా అవుతాయి గనుక, వాటిని చూసి నిశ్చింతగా ఉండకూడదు.

అపెండిక్స్ ఒకవైపు మూసుకుపోయిన సన్నని గొట్టం. గట్టిపడిన మలం ముక్కో, లోపలి వాపో దాని నోటిని మూసేస్తే, ఊరిన ద్రవం బయటికి రాలేక ఒత్తిడి పెరుగుతుంది, రక్తప్రసారం తగ్గుతుంది, గోడ కుళ్లి చిల్లుపడుతుంది. చీము పొట్టంతా వ్యాపిస్తే ప్రాణానికే ముప్పు. అందుకే దాన్ని కోసి తీసేస్తారు. చిల్లుపడని కొందరు పెద్దలకు ఆసుపత్రి పర్యవేక్షణలో యాంటీబయాటిక్స్‌తోనే తగ్గించవచ్చు గానీ, ఐదేళ్లలో వారిలో పదిమందికి సుమారు నలుగురికి ఆపరేషన్ అవసరమవుతుందని తేలింది.

నొప్పి కుడివైపుకు దిగినా, ఆరు గంటలు దాటి పెరుగుతూనే ఉన్నా, సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఆముదం, విరేచనాల మందు, ఎనీమా ఇవ్వకూడదు. పొట్టకు వేడి కాపడం పెట్టకూడదు. ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించకండి. నొప్పి ఎప్పుడు, ఎక్కడ మొదలైందో, ఏ మాత్ర వేశారో డాక్టరుకు చెప్పండి. తీవ్రమైన నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతే ప్రయాణం మానుకోకండి: చిల్లుపడి లోపలి ఒత్తిడి విడిపోయినప్పుడు కూడా కాసేపు అలాగే హాయిగా ఉంటుంది, ఆ తర్వాత పొట్టంతా బిగుసుకుపోయి జ్వరం పెరుగుతుంది.