తోతాపురి గుజ్జు: విదేశీ కొనుగోలుదారుకు తొలి మెయిల్ పంపేముందు

చిత్తూరులో కాయ ఫ్యాక్టరీకి చేరే కాలం వచ్చింది. గుజ్జు అమ్మే హైదరాబాద్ ఎగుమతిదారులు ఈ నాలుగూ చూసుకున్నాకే మెయిల్ పంపాలి.

- సర్టిఫికెట్ ఎవరి పేరున ఉంది? ఆహార భద్రత సర్టిఫికెట్ ఎఫ్ఎస్ఎస్‌సీ 22000 సాధారణంగా గుజ్జు తీసే చిత్తూరు ఫ్యాక్టరీకి ఉంటుంది, హైదరాబాద్ ఆఫీసుకు కాదు. "మాకు ఉంది" అని రాస్తే, సర్టిఫికెట్ మీది పేరూ చిరునామా కొనుగోలుదారు సరిచూసిన రోజే నమ్మకం పోతుంది. "మా సరఫరాదారు ఫ్యాక్టరీకి ఉంది" అని రాసి, గడువు తేదీ, స్కోప్‌లో మామిడి గుజ్జు ఉందో లేదో చూసి కాపీ జతచేయండి.

- "ఎఫ్‌డీఏ ఆమోదం" అని రాయొద్దు. అమెరికా ఎఫ్‌డీఏ ఆహార ఫ్యాక్టరీని నమోదు చేసుకుంటుంది, ఆమోదించదు. సరిసంఖ్య సంవత్సరాల్లో అక్టోబర్-డిసెంబర్ మధ్య ఆ నమోదును పునరుద్ధరించాలి.

- కనీస ఆర్డర్‌ను కంటైనర్ లెక్కలో చెప్పండి. ఎసెప్టిక్ డ్రమ్ముకు నికరంగా 215 కిలోలు, 20 అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములైతే 17,200 కిలోలు. "20 టన్నులు" అని గుండ్రంగా రాస్తే మిగతా 2,800 కిలోలు ఎక్కించే చోటుండదు, రెండో కంటైనర్ కిరాయి ఎవరిదన్న పేచీ మొదలవుతుంది. ప్యాలెట్లు అడిగితే డ్రమ్ములు ఎన్ని పడతాయో ముందే లెక్కవేయండి.

- ధర పక్కన రేవు పేరు, చెల్లుబాటు తేదీ ఉండాలి: "ఎఫ్‌ఓబీ చెన్నై, ఫలానా తేదీ వరకు". సీజన్‌లో కాయ ధర రోజుకో తీరుగా ఉంటుంది. తేదీ లేని ధరను రెండు నెలల తర్వాత పట్టుకొచ్చి అదే ఇవ్వమంటారు.