పొద్దుతిరుగుడులో తాలు గింజలు: పూత దశకు ముందే చూసుకోవాల్సినవి

జనవరి మొదటి వారంలో విత్తిన పొద్దుతిరుగుడు మార్చి మొదట్లో పూతకొస్తుంది. చేను పచ్చగా, పువ్వు పళ్ళెమంత ఉంటే దిగుబడికి ఢోకా లేదనుకుంటాం. కానీ కోశాక గింజను వేళ్ళ మధ్య నొక్కితే చప్పున అణిగిపోతుంది, లోపల పప్పే ఉండదు. ఈ పంటలో పరాగ సంపర్కం జరక్కపోయినా గింజ పైతొక్క పెరుగుతూనే ఉంటుంది. అందుకే పైకి చూసి తాలని కనిపెట్టడం కష్టం, తెలిసేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు. జాగ్రత్తంతా పూసే ఆ పది రోజుల్లోనే పడాలి.

మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందల చిన్న పూల గుత్తి, ఒక్కో చిన్న పువ్వుకు ఒక్కో గింజ. ఇవి అంచు నుంచి మధ్యకు రోజుకు కొన్ని వరసల చొప్పున విచ్చుకుంటాయి. విచ్చుకున్న రోజు నల్లటి గొట్టంలోంచి పుప్పొడి బయటికొస్తుంది, మర్నాడు అదే గొట్టంలోంచి రెండుగా చీలిన కీలాగ్రం పైకి వచ్చి వంకర తిరుగుతుంది. అంటే ఒకే చిన్న పువ్వులో పుప్పొడి, కీలాగ్రం ఒకేసారి సిద్ధంగా ఉండవు. పైగా ఈ మొక్క తన పుప్పొడిని తాను అంతగా ఒప్పుకోదు. ఈ మధ్య హైబ్రిడ్లలో ఈ గుణం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కాబట్టి గాలిని నమ్ముకుని లాభం లేదు, తేనెటీగ రావాల్సిందే.

ఈగలు సరిగ్గా వస్తున్నాయో లేదో పువ్వే చెబుతుంది. పొద్దున్నే వెళ్ళి ఒక పువ్వును దగ్గరగా చూడండి. పుప్పొడి అందిన కీలాగ్రం త్వరగా వాడి ముడుచుకుంటుంది, అందనిది రోజుల తరబడి తాజాగా చీలి నిలబడి ఉంటుంది. కాబట్టి చీలిన కీలాగ్రాల వలయం సన్నగా ఉంటే పని జరుగుతున్నట్టు, వెడల్పుగా రెండు మూడు రోజుల వరసలు కలిసిపోయినట్టు కనిపిస్తే ఈగలు చాలడం లేదన్నట్టు.

చేనులో నూటికి పది పూలు విచ్చుకోగానే ఎకరాకు రెండు తేనెటీగల పెట్టెలు పెట్టించుకోండి. పెట్టెలు దొరక్కపోతే చేతితో చేయండి. ఉదయం 8 నుంచి 11 లోపు, మంచు ఆరాక, మెత్తటి నూలు గుడ్డతో ఒక పువ్వు ముఖాన్ని మెల్లగా రుద్ది, అదే గుడ్డతో పక్క పువ్వును రుద్దాలి. రోజు విడిచి రోజు, పూత అయ్యేదాకా. ఎకరాలో ఇరవై వేల పైచిలుకు మొక్కలుంటాయి కాబట్టి శ్రమే, కానీ ఈగలు కనిపించని చేలో దీనికి మించిన దారి లేదు.

ఈ పది రోజుల్లో పురుగుమందు కొట్టొద్దు. శనగపచ్చ పురుగు పువ్వులో కనిపిస్తే ముందు చేత్తో ఏరండి. తప్పనిసరై కొట్టాల్సి వస్తే ఈగలు వెళ్ళిపోయాక సాయంత్రం పూట కొట్టండి, పక్క చేను వాళ్ళకూ చెప్పండి, ఈగకు గట్టు ఎక్కడుందో తెలీదు కదా.

ఇక పోషకాల సంగతి. పుప్పొడి అంటాక అది నాళంలా పెరిగి అండాన్ని చేరడానికి బోరాన్ కావాలి. బోరాన్ లోపిస్తే లేత ఆకులు మందంగా, పెళుసుగా, కంచు రంగులోకి మారతాయి, పువ్వు వంకరగా వస్తుంది. ఈగలు ఎన్ని తిరిగినా అలాంటి చేలో గింజ నిండదు. పసుపు రెక్కలు విచ్చుకోవడం మొదలవగానే లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ పువ్వు ముఖం బాగా తడిచేలా పిచికారీ చేయండి, అంటే 200 లీటర్లకు 400 గ్రాములు. బోరాక్స్ చల్లటి నీళ్ళలో తేలిగ్గా కరగదు, ముందు కాస్త వేడినీళ్ళలో కరిగించి తర్వాత డ్రమ్ములో పోయాలి. ఇదీ సాయంత్రమే, లేదంటే పొద్దుటి పుప్పొడి కడుక్కుపోతుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ లాభం అనుకోకండి, బోరాన్ మోతాదు మించితే ఆకు అంచులు మాడతాయి. గంధకం తక్కువైన నేలల్లో విత్తే ముందే ఎకరాకు 55 కిలోల జిప్సం వేసుకుని ఉండాలి, పూత దశలో గుర్తొస్తే ఆలస్యమే.

పువ్వు మధ్యలో మాత్రమే తాలుంటే నేరం ఈగలది కాకపోవచ్చు. మధ్య వరసలు చివరగా పూస్తాయి, ఆహారం ఆఖరున అందుతుంది. మొగ్గ నుంచి గింజ పాలు పోసుకునేదాకా నీరు తగ్గితే ముందు ఎండేది అవే. అంచు నుంచి మధ్య దాకా చెదురుమదురుగా తాలుంటే పరాగ సంపర్కం మీదే ముందు అనుమానపడాలి. రెక్కలు రాలాక రెండు మూడు వారాలకు నాలుగైదు పూల నుంచి అంచు గింజలు, అంచుకూ మధ్యకూ నడుమ ఉన్నవి, నట్టనడిమివి విడివిడిగా నొక్కి చూడండి. ఈ పంటకు మందు కాదు గానీ, వచ్చే ఏడాది దేనికి ఖర్చు పెట్టాలో తెలుస్తుంది.