నిష్పత్తుల పాఠం – 4: మార్చి 31 నాటి కరెంట్ రేషియోను ఎంతవరకు నమ్మాలి

ఈ విడతలో లాభదాయకత నిష్పత్తులు మొదలుపెడదామనుకున్నాను. కానీ మూడో పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు వచ్చిన జవాబులు చూశాక, ముందుకు వెళ్ళడం సరికాదనిపించింది. ప్రశ్న చిన్నదే. ఒక సంస్థ కరెంట్ రేషియో 2:1 ఉంది, అది క్రెడిటర్లకు కొంత సొమ్ము బ్యాంకు నుంచి చెల్లించింది, ఇప్పుడు రేషియో పెరుగుతుందా, తగ్గుతుందా, మారకుండా ఉంటుందా? ఎక్కువమంది "ఆస్తి ఎంత తగ్గిందో అప్పూ అంతే తగ్గింది కాబట్టి మారదు" అని రాశారు. ఆ జవాబు తప్పు. ఇదే పొరపాటు పెద్ద రూపంలో ఒక వ్యాపారం బ్యాలెన్స్ షీటునే తప్పుగా చదివిస్తుంది కాబట్టి, ఈ పాఠమంతా దీనికే కేటాయిస్తున్నాను.

సూత్రాల కాగితంలో ఈ పాఠానికి కావలసినవి మూడే.

కరెంట్ రేషియో = కరెంట్ ఆస్తులు ÷ కరెంట్ అప్పులు

క్విక్ రేషియో = (కరెంట్ ఆస్తులు − స్టాకు − ముందుగా చెల్లించిన ఖర్చులు) ÷ కరెంట్ అప్పులు

స్టాకు టర్నోవర్ = అమ్మిన సరుకు ఖరీదు ÷ సగటు స్టాకు

మొదటిది, ఏడాదిలోపు తీర్చవలసిన ప్రతి రూపాయి అప్పుకు ఏడాదిలోపు నగదుగా మారే ఆస్తి ఎన్ని రూపాయలుందో చెబుతుంది. రెండోది, స్టాకు అమ్ముడుపోయేదాకా ఆగకుండా ఆ అప్పును తీర్చగలమా అన్నది చెబుతుంది. మూడోది, పెట్టుబడి పెట్టిన సరుకు ఏడాదిలో ఎన్నిసార్లు అమ్ముడై మళ్ళీ నిండిందో చెబుతుంది. పరీక్షలో మొదటిదానికి 2:1, రెండోదానికి 1:1 మంచివని రాయడం ఆనవాయితీ. అయితే 2:1 అనేది చట్టం కాదు. రిజర్వు బ్యాంకు నియమించిన టాండన్ కమిటీ బ్యాంకులు ఇవ్వదగిన వర్కింగ్ క్యాపిటల్ అప్పును లెక్కకట్టడానికి 1975లో సూచించిన రెండో పద్ధతిలో కరెంట్ రేషియో 1.33 దగ్గర తేలుతుంది, బ్యాంకులు చాలాకాలం ఆ అంకెనే కనీసంగా పట్టుకున్నాయి.

ఇప్పుడు తప్పిన ప్రశ్న దగ్గరికి వద్దాం. కరెంట్ ఆస్తులు 100 లక్షలు, కరెంట్ అప్పులు 50 లక్షలు, రేషియో 2. క్రెడిటర్లకు 10 లక్షలు చెల్లిస్తే ఆస్తులు 90, అప్పులు 40, రేషియో 2.25. రెండు వైపులా తగ్గింది ఒకే పది లక్షలైనా, 100లో అది పదో వంతు, 50లో ఐదో వంతు. చిన్న అంకెకు తగిలిన దెబ్బ పెద్దది కాబట్టి భాగహారం ఫలితం పెరిగింది. మారకుండా ఉండేది తేడా, అంటే వర్కింగ్ క్యాపిటల్. అది ముందూ 50 లక్షలే, తరువాతా 50 లక్షలే. తేడాను, నిష్పత్తిని ఒకటిగా భావించడమే ఇక్కడ ఎక్కువమంది చేసిన పొరపాటు.

రేషియో ఒకటి కన్నా తక్కువ ఉంటే ఇదే చెల్లింపు తలకిందులుగా పనిచేస్తుంది. ఆస్తులు 80, అప్పులు 100 ఉన్నప్పుడు 20 లక్షలు చెల్లిస్తే 60కి 80 మిగులుతుంది, రేషియో 0.80 నుంచి 0.75కు పడిపోతుంది. సరిగ్గా ఒకటి ఉంటే మాత్రమే మారదు. కాబట్టి గుర్తుపెట్టుకోవలసింది ఇది: రెండు వైపులా ఒకే మొత్తం తీసేస్తే రేషియో 1 నుంచి దూరంగా జరుగుతుంది, ఒకే మొత్తం కలిపితే 1 వైపు జరుగుతుంది. ఎక్కడినుంచి బయలుదేరామో చూడకుండా పెరుగుతుందనో తగ్గుతుందనో కంఠస్థం చేసినవారు పరీక్షలో తప్పక పడిపోతారు. నేనైతే కూడికలు, తీసివేతలు మొదలుపెట్టక ముందే మార్జిన్‌లో "1 కన్నా ఎక్కువ" అనో "1 కన్నా తక్కువ" అనో రాసుకుంటాను, ఆ మూడు మాటలే సగం మార్కులు కాపాడతాయి.

ఈ సూత్రం మన డెల్టాలో ఏ రైస్ మిల్లు లెక్కలు తెరిచినా కనిపిస్తుంది. మండపేట వైపు ఒక మిల్లు ఉందనుకుందాం, అంకెలు మాత్రం పాఠం కోసం నేను వేసుకున్నవి. మార్చి 31న దాని స్టాకు 40 లక్షలు, డెటర్లు 50, నగదు, బ్యాంకు కలిపి 10, మొత్తం 100 లక్షలు. అప్పుల వైపు క్రెడిటర్లు 20, బ్యాంకు క్యాష్ క్రెడిట్ 30, మొత్తం 50 లక్షలు. కరెంట్ రేషియో 2, క్విక్ రేషియో 60కి 50, అంటే 1.2. పుస్తకం చెప్పిన ప్రకారం ఇంతకన్నా నిబ్బరమైన సంస్థ ఉండదు.

అదే మిల్లుకు డిసెంబరు 31న వెళ్ళి చూడండి. సార్వా కోతలు ముగిసి, ధాన్యం 75 కిలోల బస్తాల్లో గోదాం కప్పు తాకేదాకా పేర్చి ఉంటుంది, మనిషి పక్కకు ఒరిగి నడిచేంత సందు మాత్రమే మిగులుతుంది. స్టాకు 300 లక్షలు, డెటర్లు 60, నగదు 5, మొత్తం 365 లక్షలు. ఆ ధాన్యం అరువుతోనూ బ్యాంకు సొమ్ముతోనూ వచ్చింది కాబట్టి క్రెడిటర్లు 90, క్యాష్ క్రెడిట్ 225, మొత్తం 315 లక్షలు. కరెంట్ రేషియో 1.16, క్విక్ రేషియో 0.21. ఈ రెండు తేదీల మధ్య మిల్లు పాడైపోయిందా? లేదు. వర్కింగ్ క్యాపిటల్ రెండు తేదీల్లోనూ 50 లక్షలే (మధ్యలో వచ్చిన లాభాన్ని లెక్క తేలికగా ఉండడానికి పక్కన పెట్టాను). మార్చి అంకెలకు రెండు వైపులా 265 లక్షలు కలిస్తే డిసెంబరు అంకెలు వచ్చాయి, రేషియో 1 వైపు జరిగింది. తప్పిన ప్రశ్న ఇదే, పది లక్షలకు బదులు 265 లక్షలు, అంతే.

సార్వా సరుకు చాలావరకు ఆడి అమ్ముడైపోయి, దాళ్వా ధాన్యం ఇంకా పొలంలోనే ఉన్న సమయం మార్చి 31. నేను ఆడిట్ పనిలో ఉన్న తొలి రోజుల్లో ఒక మిల్లులో ఆ రోజు స్టాకు లెక్కపెట్టడానికి వెళితే, గోదాంలో ఒక మూల నూకల బస్తాలు, ఇంకో మూల తవుడు, మధ్యలో ఊడ్చిన నేల కనిపించాయి. మధ్యాహ్నానికల్లా లెక్క ముగిసింది. ఆ ఖాళీ నేల మీద నిలబడి కట్టిన రేషియో తప్పు కాదు, కానీ ఏడాదిలో అతి తేలికైన రోజును అది చూపిస్తుంది. మార్చి 30న క్రెడిటర్లకు 25 లక్షలు చెల్లించే స్తోమత ఉంటే 125కి 75గా ఉన్న 1.67 కూడా మర్నాటికి 2 అవుతుంది. అందులో దొంగ పద్దు ఏదీ లేదు, చెల్లింపు నిజమే, కాబట్టి ఆడిటరు కూడా తప్పుపట్టలేడు.

స్టాకు టర్నోవర్‌కు ఇంకా గట్టి దెబ్బ తగులుతుంది. ఈ మిల్లు అమ్మిన సరుకు ఖరీదు 1,200 లక్షలు, ఓపెనింగ్ స్టాకు 60, క్లోజింగ్ స్టాకు 40 అనుకుంటే సగటు 50, టర్నోవర్ 24 సార్లు, అంటే సరుకు దాదాపు 15 రోజులే నిలిచిందని అర్థం. సగటు తీసిన రెండు తేదీలూ మార్చి 31లే, రెండూ ఖాళీ గోదాములే. జూన్ చివర 240, సెప్టెంబరు చివర 100, డిసెంబరు చివర 300 కూడా చేర్చి ఐదు అంకెల సగటు తీస్తే 148 వస్తుంది. అప్పుడు టర్నోవర్ 8.1 సార్లు, సరుకు నిలిచేది 45 రోజులు. వ్యాపారం ఒకటే, జవాబులో మూడింతల తేడా. పరీక్షలో ఓపెనింగ్, క్లోజింగ్ మాత్రమే ఇస్తే వాటితోనే లెక్క చేయాలి, ఇవ్వని అంకెను ఊహించకూడదు. వ్యాఖ్య రాసే చోట మాత్రం, వ్యాపారం పంటకాలాన్ని బట్టి నడిచేదైతే సంవత్సరాంతపు సగటు నిజమైన నిల్వను తక్కువగా చూపిస్తుందని ఒక వాక్యం చేర్చండి.

నెలవారీ అంకెలు చేతిలో లేనప్పుడు ఈ సంగతి ఎలా పట్టుకోవాలి? నాకు ఇష్టమైన దారి వడ్డీ ఖర్చు. ఈ మిల్లు లాభనష్టాల ఖాతాలో క్యాష్ క్రెడిట్ వడ్డీ 15 లక్షలు ఉందనుకోండి. బ్యాలెన్స్ షీటులోని 30 లక్షల అప్పుకు 15 లక్షల వడ్డీ అంటే నూటికి 50, అలాంటి వడ్డీకి ఏ బ్యాంకూ ఇవ్వదు. రేటు నూటికి 10 అయితే ఏడాది పొడవునా సగటున 150 లక్షల అప్పు నడిచిందన్నమాట. బ్యాలెన్స్ షీటు దాచిన రద్దీ రోజులను వడ్డీ పద్దు బయటపెడుతుంది. మధ్యలో రేటు మారినా, వడ్డీలో టర్మ్ లోను వడ్డీ కలిసి ఉన్నా ఈ లెక్క ఉజ్జాయింపే అవుతుంది, అందుకని ముందు వడ్డీ వివరాలను విడదీసి చూడండి.

క్విక్ రేషియోలో ఒక మడతపేచీ ఉంది. కొన్ని పుస్తకాలు హారంలోనుంచి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టును, క్యాష్ క్రెడిట్‌ను తీసేస్తాయి, అవి ఏటా కొనసాగే అప్పులన్న వాదనతో. అలా తీస్తే మన మిల్లు క్విక్ రేషియో 60కి 20, అంటే 3 అవుతుంది. నేను తీసెయ్యను, ఎందుకంటే ధాన్యం మీద ఇచ్చిన క్యాష్ క్రెడిట్‌ను స్టాకు తగ్గినకొద్దీ బ్యాంకు వెనక్కు తీసుకుంటూనే ఉంటుంది. మీ పేపరుకు నిర్దేశించిన పుస్తకం ఏ పద్ధతి చెబితే అదే పాటించి, ఆ పద్ధతి ఏదో జవాబు కింద ఒక వాక్యంలో రాయండి. డెటర్లలో పాత బాకీలు ఎన్నో కూడా చూడాలి: 50 లక్షల్లో 25 లక్షలు ఏడాదిగా కదలకుండా ఉంటే, 1.2 అన్న అంకె నిజానికి 35కి 50, అంటే 0.7 మాత్రమే.

గోదాంలో ఉన్న ప్రతి బస్తా మిల్లుదని కూడా అనుకోకండి. పౌర సరఫరాల సంస్థ తరఫున మరపట్టడానికి వచ్చిన ధాన్యం ప్రభుత్వానిది, దాన్ని మిల్లు స్టాకులో చూపకూడదు, మిల్లుకు వచ్చేది మరపట్టే కూలి. అందువల్ల సొంత కొనుగోళ్ళు చేసే మిల్లుతో ఇలాంటి పని ఎక్కువగా చేసే మిల్లును టర్నోవర్‌లో పోల్చడం కుదరదు.

అభ్యాసం ఈసారి కష్టంగానే ఇస్తున్నాను. అమలాపురంలో ఒక ఎరువుల డీలరుకు కరెంట్ ఆస్తులు 180 లక్షలు (స్టాకు 90, బ్యాంకు 70, డెటర్లు 20), కరెంట్ అప్పులు 120 లక్షలు. కింది ఒక్కొక్కటీ విడిగా జరిగిందనుకుని, ముందు బాణం గుర్తుతో పెరుగుదలా తగ్గుదలా రాసి, ఆ తరువాతే రెండు రేషియోలూ కట్టండి: 20 లక్షల ఎరువులు అరువుకు కొన్నారు, 10 లక్షల ఖరీదు గల స్టాకును 12 లక్షలకు అరువుకు అమ్మారు, డెటర్ల నుంచి 8 లక్షలు వసూలైంది, 40 లక్షల దీర్ఘకాలిక రుణం తీసుకుని క్యాష్ క్రెడిట్ తీర్చారు. చివరిగా, మార్చి 31న కరెంట్ రేషియో సరిగ్గా 2:1 కనిపించాలంటే మర్నాడు చెల్లించవలసిన క్రెడిటర్లలో ఎంత సొమ్ము ముందే చెల్లించాలో x పెట్టి కనుక్కోండి. ఆ చెల్లింపు తరువాత క్విక్ రేషియో ఎటు జరిగిందో, కరెంట్ రేషియోకు వ్యతిరేక దిశలో ఎందుకు జరిగిందో రెండు వాక్యాల్లో రాయండి.