బయోగ్యాస్ ట్యాంకు ఎంత సైజులో కట్టాలి? పేడ, నీళ్లు, రోజుల లెక్క ఇలా వేయండి

"మాకు మూడు పశువులున్నాయి, ఎంత ప్లాంటు సరిపోతుంది?" బయోగ్యాస్ ప్లాంటు కట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఇదే. పశువులను లెక్కపెట్టి సైజు చెప్పేస్తే పని తేలికే కానీ, ఆ లెక్క తరచూ తప్పుతుంది. సైజును తేల్చేవి మూడు విషయాలు: రోజూ చేతికొచ్చే పేడ, అందులో కలిపే నీళ్లు, ఆ కలిపిన స్లర్రీ లోపల ఎన్ని రోజులు ఉండాలన్నది. పేడ గురించి అందరూ ఆలోచిస్తారు. నీళ్ల సంగతి పెద్దగా పట్టించుకోరు. బాగా కట్టిన ప్లాంటు కూడా తర్వాత దెబ్బతినేది చాలాసార్లు అక్కడే.

అసలు లెక్క ఒక్క లైనే:

ట్యాంకు పరిమాణం = (రోజు పేడ + రోజు నీళ్లు) × నిల్వ రోజులు

తాజా పేడ కిలో అంటే దాదాపు ఒక లీటరు అనుకోవచ్చు. కాబట్టి కిలోలనూ లీటర్లనూ నేరుగా కలిపేయవచ్చు. వెయ్యి లీటర్లు ఒక ఘనపు మీటరు. రెండు ఆవులు, ఒక గేదె ఉన్న ఒక ఇంటిని తీసుకుని ఈ లెక్కను చివరిదాకా వేద్దాం.

1. పేడను తూచండి, ఊహించవద్దు

పెద్ద ఆవు రోజుకు సుమారు 10 కిలోలు, గేదె 15 కిలోలు పేడ వేస్తాయని ఒక అంచనా ఉంది. ఆ ప్రకారం మన ఇంటికి 35 కిలోలు రావాలి. అయితే పగలు మేతకు వెళ్లిన పశువు వేసే పేడలో చాలాభాగం బయటే ఉండిపోతుంది. ట్యాంకులో పడేది కొట్టంలో ఎత్తిన పేడ మాత్రమే. కాబట్టి ఒక వారంపాటు రోజూ ఎత్తిన పేడను తూచి రాసుకోండి. మన ఉదాహరణలో ఆ వారం 33, 29, 31, 28, 30, 32, 27 కిలోలు వచ్చిందనుకుందాం. మొత్తం 210, సగటున రోజుకు 30 కిలోలు. ఇదే మన లెక్కకు ఆధారం.

మేత మారే కాలంలో, ఈనే కాలంలో పేడ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. తగ్గితే గ్యాస్ ఆ మేరకు తగ్గుతుంది తప్ప ట్యాంకుకు ఏమీ కాదు. పెరిగితేనే ఇబ్బంది, ఎందుకో కింద చూద్దాం. వచ్చే ఏడాది ఇంకో పశువును కొనడం ఖాయమైతే దాని పేడను ఇప్పుడే కలుపుకోండి. "కొంటామేమో" అనుకుంటూ రెండింతలు కట్టడం మాత్రం వద్దు.

2. నీళ్లు ఎన్ని కలపాలి?

పేడ ఎంతో నీళ్లు అంతే అనేది అందరికీ తెలిసిన కొలత. అది ఎందుకు సరిపోతుందో తెలిస్తే ఎప్పుడు సరిపోదో కూడా తెలుస్తుంది. తాజా పేడలో నూటికి 18 పాళ్లు ఘనపదార్థం, మిగతాది నీరు ఉంటుంది. ట్యాంకులో స్లర్రీ బాగా పనిచేయాలంటే ఘనపదార్థం 8 నుంచి 10 శాతం ఉండాలి. సమానంగా నీళ్లు కలిపితే 18 కాస్తా 9 అవుతుంది, అంటే సరిగ్గా మధ్యలో ఉంటుంది.

పేడ రోజంతా ఎండలో పడి ఉంటే సంగతి మారుతుంది. అందులో ఘనపదార్థం 25 శాతానికి చేరిందనుకోండి, అప్పుడు లెక్క ఇలా వేయాలి: 25ని 9తో భాగిస్తే 2.8 వస్తుంది, అందులోంచి 1 తీసేయండి. కిలో పేడకు 1.8 లీటర్ల నీళ్లు కావాలన్నమాట. ఘనపదార్థం ఎంతో ఇంట్లోనే సుమారుగా చూసుకోవచ్చు. 100 గ్రాముల పేడను పళ్లెంలో పల్చగా పరిచి, బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టి తూచండి. 20 గ్రాములు మిగిలితే ఘనపదార్థం 20 శాతానికి కాస్త తక్కువే. ఎండలో ఎండిన పేడలోనూ కొంచెం తేమ మిగులుతుంది కాబట్టి.

మన ఇంట్లో పేడ తాజాగానే ఎత్తుతున్నారు. 30 కిలోల పేడ, 30 లీటర్ల నీళ్లు, రోజుకు 60 లీటర్ల స్లర్రీ.

3. ఎన్ని రోజులు లోపల ఉండాలి?

దీన్ని తేల్చేది ఉష్ణోగ్రత. పేడను గ్యాస్‌గా మార్చే సూక్ష్మజీవులకు 30 నుంచి 37 డిగ్రీల వేడి బాగా నచ్చుతుంది. 15 డిగ్రీల కిందికి వస్తే పని బాగా మందగిస్తుంది, 10కి దిగితే దాదాపు ఆగిపోతుంది. అందుకే ఏడాదంతా వేడిగా ఉండేచోట 30 రోజులు చాలు. ఓ మాదిరి చలికాలం ఉండేచోట 40, బాగా చల్లగా ఉండేచోట 55 రోజులు తీసుకుంటారు.

ఇక్కడ చూడాల్సింది భూమిలోపలి వేడి. మధ్యాహ్నపు ఎండ ఎంతన్నది ముఖ్యం కాదు, ఎందుకంటే ట్యాంకు భూమిలో ఉంటుంది. మీటరు లోతు గుంట తీసి, తెల్లవారుజామున అడుగు మట్టిలో థర్మామీటరు గుచ్చి చూస్తే మంచి అంచనా వస్తుంది. ఏ నెల అన్నిటికన్నా చల్లగా ఉంటుందో ఆ నెలను బట్టే రోజులు ఎంచుకోండి. మన ఇంటికి 40 రోజులు అనుకుందాం.

4. గుణించి, మడ్డికి కొంత చోటు వదలండి

60 లీటర్లను 40తో గుణిస్తే 2,400 లీటర్లు, అంటే 2.4 ఘనపు మీటర్లు. పేడతోపాటు కొంత ఇసుక, మట్టి ఎలాగూ పోతాయి. అవి అడుగున పేరుకుని ఏళ్లు గడిచేకొద్దీ ట్యాంకును లోపలినుంచి చిన్నది చేస్తాయి. అందుకని ఇంకో పదో వంతు కలపడం మంచిది. 2.64 ఘనపు మీటర్లు వస్తుంది.

5. గ్యాస్ నిలవకు ఎంత చోటు?

వేడిగా ఉన్నప్పుడు కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. 30 కిలోలకు రోజుకు 1,200 లీటర్లు, ఒక మామూలు పొయ్యి దాదాపు మూడు గంటలు వెలుగుతుంది. చలికాలంలో ఇది సగానికి పడిపోవచ్చు.

ఈ గ్యాస్ మొత్తాన్నీ ఒకేసారి నిలవ చేయనక్కర్లేదు. పొయ్యి ఆపేశాక మళ్లీ వెలిగించేదాకా వచ్చే గ్యాస్‌కు చోటుంటే చాలు. పొయ్యి ఉదయం, సాయంత్రం వెలిగించే ఇంట్లో మధ్యలో ఖాళీ ఒక్కోసారి 10 గంటలు ఉంటుందనుకుందాం. 1,200ను 24తో భాగిస్తే గంటకు 50 లీటర్లు, 10 గంటలకు 500. కొంత వెసులుబాటు కలిపి 600 లీటర్లు పెట్టుకుందాం. రోజుకు ఒకేసారి వెలిగించే ఇంటికి ఇది చాలదు. అప్పుడు ఖాళీ 20 గంటలు దాటుతుంది, నిలవ దాదాపు రెట్టింపు కావాలి.

6. కొలతల్లోకి మార్చండి

గ్యాస్‌ను పట్టి ఉంచే డ్రమ్ము స్లర్రీ పైన తేలుతూ ఉండే గుండ్రటి ట్యాంకునే తీసుకుందాం, లెక్క తేలిక. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని 0.785తో, ఆ వచ్చినదాన్ని లోతుతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. వ్యాసం 1.5 మీటర్లు, లోతు 1.5 మీటర్లు పెడితే 2.65 ఘనపు మీటర్లు. మనకు కావాల్సింది అదే.

ఈ లోతును అడుగునుంచి స్లర్రీ పొర్లి బయటికొచ్చే ఔట్‌లెట్ అంచు వరకు కొలవాలి. మేస్త్రీ గోడ పైఅంచు దాకా కొలిస్తే, గోడ ఎంత ఎత్తు పైకి లేస్తే అంత స్లర్రీ చోటు మీరు పోగొట్టుకున్నట్టే.

డ్రమ్ము గోడకు రాసుకోకుండా 1.4 మీటర్ల వ్యాసం ఉంటే, 600 లీటర్లకు 40 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. గ్యాస్ ఒత్తిడికి డ్రమ్ము లోపలి స్లర్రీ మట్టం బయటికంటే కొంత దిగుతుంది, డ్రమ్ము కింది అంచు ఎప్పుడూ మునిగే ఉండాలి. అందుకే ఇంకో 10 సెంటీమీటర్లు కలిపి 50 చేయండి. డ్రమ్ము లేని గుమ్మటం రకమైతే, ఇదే 600 లీటర్ల చోటు ఔట్‌లెట్ తొట్టిలో ఉండాలి. గ్యాస్ చేరినకొద్దీ అంత స్లర్రీ అక్కడికి ఎక్కుతుంది.

నీళ్లు ఎక్కువైతే ఏమవుతుంది?

ట్యాంకు కట్టేశాక దాని సైజు మారదు. లోపల ఒక లీటరు పోస్తే అవతల ఒక లీటరు బయటికొస్తుంది. మన ఇంట్లో పేడ త్వరగా కలవాలని రెండింతల నీళ్లు పోస్తున్నారనుకోండి: 30 కిలోలకు 60 లీటర్లు, రోజుకు 90 లీటర్ల స్లర్రీ. 2,400ను 90తో భాగిస్తే 27 రోజులే. 40 రోజులకు కట్టిన ట్యాంకులో పేడ 27 రోజులకే బయటపడుతోంది. పేడ ఒక్క కిలో కూడా పెరగలేదు, గోడలో లోపం లేదు, గ్యాస్ మాత్రం తగ్గింది. చలికాలంలో ఈ తేడా మరీ ఎక్కువగా కనిపిస్తుంది. పైగా ఘనపదార్థం 6 శాతానికి పలచబడటంతో ఇసుక అడుక్కి, గడ్డిపోచలు పైకి విడిపోతాయి. పైన తెట్టు కట్టి గ్యాస్‌ను అడ్డుకుంటుంది.

కొలత ప్రకారమే నీళ్లు పోస్తున్నామని చెప్పే ఇళ్లలోనూ ఇది జరుగుతుంది. కొట్టం కడిగిన నీళ్లు కాలువలోంచి నేరుగా ఇన్‌లెట్ తొట్టిలోకి వస్తుంటాయి, వాటిని ఎవరూ లెక్కలో వేయరు. పేడ పెరిగినా ఇంతే. రోజుకు 45 కిలోలు వస్తే సమానంగా నీళ్లు కలిపినా 90 లీటర్లు అవుతుంది, మళ్లీ అవే 27 రోజులు.

నీళ్లు తక్కువైతే లక్షణాలు వేరు. స్లర్రీ చిక్కగా ఉండి ఇన్‌లెట్ పైపులోనే నిలబడిపోతుంది, కర్రతో తోస్తే గానీ దిగదు.

రోజులు చాలడం లేదని ఎలా పట్టుకోవాలి?

ఔట్‌లెట్ దగ్గర నిలబడి చూడండి. బాగా మాగిన స్లర్రీకి పచ్చి పేడ వాసన ఉండదు, ఈగలు పెద్దగా ముసరవు. పచ్చి వాసన వస్తూ, బయటి గుంటలో కూడా బుడగలు లేస్తుంటే పని పూర్తికాకుండానే బయటికొచ్చిందని అర్థం. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే ఒక సీసాలో ముప్పావు వంతు ఆ స్లర్రీ పోసి, మూతికి బెలూన్ తొడిగి, వెచ్చటి చోట వారం రోజులు ఉంచండి. మంటకు దూరంగా పెట్టండి. పక్కనే ఇంకో సీసాలో ఇన్‌లెట్ స్లర్రీ కూడా అలాగే పెడితే పోల్చుకోవచ్చు. ఔట్‌లెట్ సీసా మీది బెలూన్ బాగా ఉబ్బితే, మీకు రావాల్సిన గ్యాస్ బయటికి పోతోందన్నమాట.

అప్పుడు వెంటనే ట్యాంకు పెంచే ఆలోచన చేయకండి. ముందు కడిగిన నీళ్ల కాలువను పక్కకు మళ్లించండి. ఇన్‌లెట్ తొట్టిలో 60 లీటర్ల మట్టం దగ్గర సున్నంతో ఒక గీత గీసి, పేడ వేశాక ఆ గీత దాకా మాత్రమే నీళ్లు పోయండి. లోపలున్న స్లర్రీ మారడానికి ఒక నిల్వకాలం, అంటే 40 రోజులు పడుతుంది. ఆ తర్వాత బెలూన్ పరీక్ష మళ్లీ చేయండి. అప్పటికీ ఉబ్బుతుంటే, పేడను మళ్లీ వారంపాటు తూచి మొదటి మెట్టు నుంచి లెక్క వేసుకోండి. సగటు 30 దాటి ఉంటే మిగులు పేడను ఎరువు గుంటలో వేయడమో, పక్కన ఇంకో ట్యాంకు కట్టడమో చేయాలి.