నలుగురి ముందు నాలుగు మాటలు – ఆరవ పాఠం: జనవరి 26న జెండా దగ్గర

గత పాఠంలో పదవీ విరమణ సభలో ఒక వ్యక్తిని పరిచయం చేయడం నేర్చుకున్నాం. ఈసారి పరిచయం చేయవలసింది వ్యక్తిని కాదు, ఒక రోజును. పని చేసే చోట గణతంత్ర దినోత్సవం జరుపుకొనేటప్పుడు, జెండా విప్పి జాతీయ గీతం పాడిన తరువాత, పెద్దలు మాట్లాడే ముందు, ఈ రోజు ఎందుకు జరుపుకొంటున్నామో ఐదారు వాక్యాలలో చెప్పే బాధ్యత తరచుగా ఒక ఉద్యోగి మీద పడుతుంది. అప్పటికే అందరూ వరుసలో నిలబడి ఉంటారు కనుక ఆ మాటలు నిమిషం దాటకూడదు.

ఉదాహరణకు విశాఖపట్నం ఆటోనగర్‌లో యంత్రభాగాలు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపును ఊహించుకుందాం. అక్కడ నలభై మంది పనిచేస్తున్నారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు ఉన్నారు, బరంపురం నుంచి వచ్చిన వెల్డర్లు ఉన్నారు, బీహార్ నుంచి వచ్చిన హెల్పర్లు ఉన్నారు. మాట్లాడవలసింది స్టోర్‌కీపర్. ఆయన ముందురోజు రాత్రి కాగితం మీద రాసుకున్న మొదటి ప్రతి ఇది:

“ఎందరో మహానుభావులు తమ ప్రాణాలను తృణప్రాయంగా అర్పించి మనకు స్వేచ్ఛను ప్రసాదించిన ఈ పవిత్ర దినాన, వారి త్యాగాలను స్మరించుకుంటూ, దేశాభివృద్ధికి మనమందరం పునరంకితం కావాలని కోరుకుంటూ, అందరికీ శుభాకాంక్షలు.”

ఇందులో వ్యాకరణ దోషమేమీ లేదు. కానీ ఒక చిన్న పరీక్ష చేయండి. మనసులో జనవరి 26 బదులు ఆగస్టు 15 పెట్టుకొని మళ్లీ చదవండి. ఒక్క అక్షరమైనా మార్చవలసిన అవసరం రాలేదు. తేదీ మారినా చెల్లిపోయే మాట ఆ రోజును పరిచయం చేయలేదన్నమాట. పైగా ఆ “స్వేచ్ఛను ప్రసాదించిన దినం” అసలు ఆగస్టు 15కే చెందుతుంది కాబట్టి, వినేవారిలో ఎవరైనా హైస్కూలు పిల్లల తండ్రి ఉంటే, సాయంత్రం ఇంట్లో నవ్వులపాలయ్యేది మన స్టోర్‌కీపరే.

కనుక ముందుగా తేదీ వెనుక ఉన్న సంగతిని సరిగా పట్టుకోవాలి. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చినా, ఆ వెంటనే మనకు సొంత రాజ్యాంగం రాలేదు. బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1935 నాటి చట్టాన్నే కొన్ని మార్పులతో వాడుకుంటూ వచ్చాం, పేరుకు దేశాధినేతగా బ్రిటిష్ రాజే కొనసాగాడు. రాజ్యాంగ సభ 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. కొన్ని నిబంధనలు అప్పుడే అమలయ్యాయి గాని, పూర్తి రాజ్యాంగం అమలు కావడానికి మరో రెండు నెలలు ఆగారు. ఎందుకంటే, 1929 డిసెంబరు లాహోర్ కాంగ్రెసులో సంపూర్ణ స్వరాజ్య తీర్మానం చేసి, 1930 జనవరి 26ను స్వాతంత్ర్య దినంగా జరుపుకొన్నారు, ఆ తేదీని నిలుపుకోవాలనుకున్నారు. అందువల్ల “రాజ్యాంగం రాసిన రోజు” అనడం తప్పు, “రాజ్యాంగం ఆమోదం పొందిన రోజు” అనడమూ తప్పే. “అమలులోకి వచ్చిన రోజు” అనాలి. ఇదంతా మీకు తెలిసి ఉండాలి, కానీ అంతా చెప్పకూడదు. లాహోర్ సంగతి ఎత్తుకుంటే నిమిషం అక్కడే అయిపోతుంది.

ఇక అసలైన ఎంపిక మిగిలి ఉంది. రాజ్యాంగంలో ఉన్నవన్నీ కాక, మీ ఎదురుగా నిలబడిన వారి బతుకును తాకే ఒక్క మాటను పట్టుకోవాలి. మన వర్క్‌షాపుకు 19వ అధికరణం సరిపోతుంది. దేశమంతటా తిరగడానికి, ఎక్కడైనా స్థిరపడడానికి, ఏ వృత్తినైనా చేసుకోవడానికి పౌరులకు అది హక్కు ఇస్తుంది. దానికి చట్టబద్ధమైన పరిమితులు కూడా ఉన్నాయి, కాబట్టి “ఎవరూ ఆపలేరు” వంటి ఆర్భాటపు మాట వాడకూడదు. అధికరణం సంఖ్య కూడా చెప్పనక్కరలేదు. అంకె వినగానే వినేవారు పాఠశాలలో కూర్చున్నట్టు బిగుసుకుపోతారని నా అనుభవం.

స్టోర్‌కీపర్ తిరిగి రాసిన ప్రతి ఇలా వచ్చింది:

“మేనేజరు గారికి, నాతో పనిచేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. 1947లో స్వాతంత్ర్యం వచ్చినా, ఆ తరువాత రెండేళ్లకు పైగా మనం బ్రిటిష్ వారు చేసిన చట్టం కిందనే నడిచాం. 1950 జనవరి 26న, మన ప్రతినిధులు రాసుకున్న మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ఈ దేశంలో ఒక మూల పుట్టినవారు మరో మూలకు వెళ్లి ఉండవచ్చు, పని చేసుకొని బతకవచ్చు అని అందులో ఉంది. శ్రీకాకుళం నుంచి, బరంపురం నుంచి, బీహార్ నుంచి వచ్చిన మనం ఈ షెడ్డులో కలిసి పనిచేస్తున్నామంటే, ఆ మాట మనకు అండగా ఉంది. ఇప్పుడు మేనేజరు గారిని మాట్లాడవలసిందిగా కోరుతున్నాను.”

తేదీ పరీక్ష మళ్లీ చేయండి. ఇందులో ఆగస్టు 15 ఇమడదు. రెండవ వాక్యం ఆ రెండు రోజులనూ విడదీస్తుంది, మూడవది తేదీకి కారణం చెబుతుంది, నాలుగవది హక్కును చెబుతుంది, ఐదవది దానిని ఎదురుగా ఉన్న మనుషుల దాకా తెస్తుంది. మాటలో నిజాయితీ కనబడేది ఆ ఐదవ వాక్యంలోనే, ఎందుకంటే అందులో విశేషణాలు లేవు, అందరూ రోజూ చూస్తున్న సంగతి మాత్రమే ఉంది.

అయితే జారిపడే చోటు కూడా అదే. పై ప్రతిలో విజయనగరం పేరు రాలేదు. ఆ జిల్లా వారు వరుసలో ఉండగా మూడు పేర్లు చదివి వారిని వదిలేస్తే, మిగతా ఐదు వాక్యాలు ఎంత బాగున్నా వారికి గుర్తుండేది ఆ లోటే. హాజరు పట్టీ చూసి, ఊళ్లు మూడు నాలుగు ఉంటే అన్నీ చెప్పండి. అంతకన్నా ఎక్కువైతే పేర్లు మానేసి “పక్క జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి” అనండి. తెలుగు అంతగా రానివారు ఉన్న చోట, నాలుగవ వాక్యాన్ని హిందీలో మరొకసారి చెప్పమని ఒక సహోద్యోగిని ముందే అడిగి పెట్టుకోవడం మంచిది. అప్పటికప్పుడు అడిగితే ఆయన ఆ ఒక్క వాక్యాన్ని ఐదు చేస్తారు.

కాగితాన్ని ఇంట్లో గట్టిగా, నిలబడి, ఫోనులో సమయం చూసుకుంటూ రెండుసార్లు చదవండి. తడబడిన చోట మాట మార్చండి. “రాజ్యాంగం”, “అమలులోకి” పక్కపక్కనే వచ్చినప్పుడు చాలామంది ఊపిరి చాలక ఆగుతారు, వాటి మధ్య కాస్త ఆగడం ముందే అలవాటు చేసుకోవాలి.

అభ్యాసం: ఇదే వర్క్‌షాపు, ఇవే మనుషులు, కానీ రోజు ఆగస్టు 15. రెండవ, మూడవ వాక్యాలను మార్చి రాయండి. అప్పుడు నాలుగవ వాక్యంలో ఈ హక్కు ప్రస్తావన నిలవదు, ఎందుకంటే 1947లో ఈ రాజ్యాంగం ఇంకా రాలేదు. దాని స్థానంలో ఏమి పెడతారో ఆలోచించి రాసి, ఆ కాగితం దగ్గర ఉంచుకోండి. ఏడవ పాఠం దానితోనే మొదలవుతుంది.